ఒక్క దాతకు ఎంత ఖర్చు?

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్‌లో ఏ పెద్ద మాల్‌కి వెళ్లినా, ఎస్కలేటర్ దిగే చోట ఒకే రంగు టీషర్టుల్లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు నిలబడి ఉంటారు. చేతిలో ట్యాబ్, మెడలో గుర్తింపు కార్డు. ‘సార్, ఒక్క నిమిషం’ అని పలకరిస్తారు. బడి మానేసిన పిల్లల ఫొటోనో, అన్నం కంచం ముందు కూర్చున్న చిన్నారి ఫొటోనో చూపిస్తారు. విని మనసు కరిగిన పెద్దమనిషి జేబులోంచి 500 నోటు తీస్తే మాత్రం పుచ్చుకోరు. నెలనెలా 800 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే వెళ్లేలా ఫారం నింపమంటారు. ఎదురుగా ఇస్తున్న డబ్బు వద్దని, వచ్చే నెల ఇవ్వబోయే డబ్బు కావాలనే చందాలు మన పెద్దవాళ్లకు వింతగానే తోస్తాయి.

వింత ఏమీ లేదు. ఆ 500 తీసుకుంటే సంస్థకు నష్టం. ఆ కుర్రాడిని అక్కడ నిలబెట్టడానికి అయిన ఖర్చులో అది పదో వంతుకు కూడా సరిపోకపోవచ్చు.

1990ల మధ్యలో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో గ్రీన్‌పీస్ కోసం డయలాగ్ డైరెక్ట్ అనే కంపెనీ ఈ పద్ధతిని మొదలుపెట్టింది. వీధిలో డబ్బాలు ఊపుతూ చిల్లర అడగడం మానేసి, ఆగిన మనిషిని నెలవారీ దాతగా చేర్చుకోవడమే అందులో కొత్తదనం. కొద్ది ఏళ్లలోనే అది బ్రిటన్‌కి పాకింది, తర్వాత మన నగరాలకూ వచ్చింది. ఇలా దాతలను చేర్పించే కుర్రాళ్లు చాలాసార్లు ఆ సేవాసంస్థ ఉద్యోగులు కారు. సంస్థ ఒక ఏజెన్సీతో ఒప్పందం చేసుకుంటుంది, ఏజెన్సీ వీళ్లకు జీతమూ నెలకింత మందిని చేర్చాలన్న టార్గెటూ ఇస్తుంది. దాంతో పాటు మాల్ వాళ్లకు కట్టే స్థలం అద్దె, టీమ్ లీడర్ జీతం, ట్యాబులు, శిక్షణ, రెండు నెలలు చేసి మానేసే కుర్రాళ్ల స్థానంలో కొత్తవాళ్లను వెతికే ఖర్చు ఉంటాయి. ఇదంతా కలిపి, చేరిన దాతల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే దాతకు అయిన ఖర్చు.

చెప్పడానికి తేలికైన లెక్కే. అసలు తగవంతా దేన్ని దేనితో భాగించాలన్న దగ్గర వస్తుంది.

ఒక ఊహాజనిత సంస్థను తీసుకుని ఈ లెక్కను చివరిదాకా నడిపి చూడవచ్చు. అంకెలు ఊహించినవే అయినా, ఈ రంగంలో జరిగేదానికి దగ్గరగా ఉండేలా తీసుకున్నవి. ఈ సంస్థ ఏప్రిల్ నెలలో ఏజెన్సీ ద్వారా 1,000 మంది చేత ఫారాలు నింపించింది. ఒక్కొక్కరూ నెలకు 800 రూపాయలకు ఒప్పుకున్నారు. ఫారానికి 4,500 చొప్పున మొత్తం 45 లక్షలు ఖర్చయింది. మే నెల మొదటి వారంలో ట్రస్టీల ముందుకొచ్చే నివేదికలో ఇలా ఉంటుంది: 1,000 మంది కొత్త దాతలు, నెలకు 8 లక్షలు, ఏడాదికి 96 లక్షలు. పెట్టిన ప్రతి రూపాయికీ 2 రూపాయల 13 పైసలు. అందరూ సంతోషంగా టీ తాగి వెళ్తారు.

ఆ నివేదికలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అందులో ఉన్నది వచ్చిన డబ్బు కాదు, ఒప్పుకున్న డబ్బు. ఆ రెండింటికీ మధ్య బ్యాంకు ఉంది.

ఫారం మీది సంతకం బ్యాంకులో ఉన్న సంతకంతో కలవాలి. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా తిరిగొస్తుంది. ఇంటికి వెళ్లాక భార్యో భర్తో ‘ఎందుకిప్పుడివన్నీ’ అంటే మర్నాడు ఫోన్ చేసి రద్దు చేయించుకునేవాళ్లు ఉంటారు. అసలు అక్కణ్నుంచి తప్పించుకోవడానికే ఒప్పుకున్నవాళ్లూ ఉంటారు. మన సంస్థ విషయంలో 1,000 ఫారాల్లో 150 ఇలా మొదటి వాయిదా పడకముందే రాలిపోయాయనుకుందాం. మిగిలింది 850 మంది. ఒక్కసారైనా డబ్బు జమైనవాళ్లనే దాతలంటే, దాతకు అయిన ఖర్చు 4,500 కాదు, సుమారు 5,300.

ఇక రెండో నెల నుంచి ఈ 850 మందీ ఒకే వేగంతో తగ్గరు. మొదటి రెండు మూడు నెలల్లో ఎక్కువమంది పోతారు, తర్వాత ఆ పోవడం నెమ్మదిస్తుంది. రెండో నెలలో 760, మూడో నెలలో 700, ఆరో నెలకు 590, పన్నెండో నెలకు 485 మంది మిగిలారని అనుకుందాం. ఇది మరీ దిగులుపడాల్సిన అంకె కాదు. వీధిలో చేరిన దాతల్లో దాదాపు సగం మంది మొదటి ఏడాదిలోనే మానేస్తున్నారని బ్రిటన్‌లో ఈ రంగాన్ని పర్యవేక్షించిన సంఘం తీసిన లెక్కల్లో ఏళ్ల తరబడి తేలుతూనే వచ్చింది. మన సంస్థ నెలనెలా లెక్కలు కలుపుకుంటూ వెళ్తే, ఏడాదిలో మొత్తం 7,300 వాయిదాలు జమయ్యాయి. అంటే 58 లక్షల 40 వేలు. రసీదులు, ఫోన్లు, బ్యాంకు చార్జీలు, దాతలకు పంపే సమాచారం కోసం ఏడాదికి మరో 3 లక్షలు అయ్యాయనుకుంటే మొత్తం ఖర్చు 48 లక్షలు. రూపాయికి వచ్చింది 2 రూపాయల 13 పైసలు కాదు, సుమారు 1 రూపాయి 22 పైసలు.

ఇంకొంచెం లోపలికి వెళ్తే ఇంకో సంగతి తెలుస్తుంది. తొమ్మిదో నెల ముగిసేదాకా ఈ సంస్థ పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. పదో నెలలోగానీ గట్టెక్కలేదు. ఆరో నెలలో ఎవరైనా వచ్చి ‘మీరిచ్చిన విరాళంలో పిల్లలకు ఎంత చేరింది’ అని అడిగితే నిజాయితీగా చెప్పాల్సిన జవాబు: ఈ జట్టు దాతల నుంచి ఇంకా ఒక్క పైసా చేరలేదు.

అయితే దీన్ని మోసం అనేయడం తొందరపాటు. రెండో ఏడాది చూడండి. మిగిలిన 485 మంది నెమ్మదిగా తగ్గుతూ సగటున 400 మందే ఇచ్చారనుకున్నా, 38 లక్షల 40 వేలు వస్తాయి. అప్పుడిక మాల్ అద్దె లేదు, ఏజెన్సీ బిల్లు లేదు. ఖర్చు రెండు మూడు లక్షలు మించదు. మొదటి ఏడాది బొటాబొటీగా బయటపడ్డ ఈ ప్రచారమే రెండో ఏడాది సంస్థను నిలబెడుతుంది. అందుకే ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లు మొదటి నెల అంకెను చూసి ఎగరరు, ఆరో నెల అంకెను చూసి కుంగిపోరు. ఒక నెలలో చేరిన జట్టును విడిగా గుర్తుపెట్టుకుని, పన్నెండు నెలలపాటు ఆ జట్టునే వెంబడిస్తారు. ఏప్రిల్ జట్టును మే జట్టుతో కలిపేస్తే, కొత్తగా చేరేవాళ్ల సందడిలో మానేసేవాళ్లు కనిపించకుండా పోతారు. మొత్తం దాతల సంఖ్య ప్రతి నెలా పెరుగుతూ ఉన్నా, చేరిన ప్రతి జట్టూ నష్టంలోనే ఉండటం సాధ్యమే.

కొత్త దాత ఖరీదైనవాడు, పాత దాత చవక అన్న సంగతి వీధి చందాలకు మాత్రమే చెల్లేది కాదు. అమెరికాలో ఉత్తరాల ద్వారా విరాళాలు అడిగే కాలంలో జేమ్స్ గ్రీన్‌ఫీల్డ్ అనే నిపుణుడు ఇచ్చిన కొలమానాలను ఇప్పటికీ వాడుతుంటారు. వాటి ప్రకారం కొత్తవాళ్లకు రాసే ఉత్తరాల్లో ఒక డాలరు రాబట్టడానికి డాలరో, అంతకు కాస్త ఎక్కువో ఖర్చవుతుంది. ఇదివరకే ఇచ్చినవాళ్లకు రాస్తే అదే డాలరు పావు డాలరు లోపు ఖర్చుతో వస్తుంది. అంటే మొదటి విరాళంతో సంస్థ చేతికి ఏమీ మిగలకపోవడమే మామూలు. రెండోసారి వస్తేనే మిగులు.

మరి రెండోసారి ఎంతమంది వస్తారు? అమెరికాలో వేల సంస్థల లెక్కలను కలిపి చూసే ఫండ్‌రైజింగ్ ఎఫెక్టివ్‌నెస్ ప్రాజెక్ట్ ఇటీవలి ఏళ్లలో చెబుతున్నదాన్ని బట్టి, మొదటిసారి ఇచ్చినవాళ్లలో మరుసటి ఏడాది మళ్లీ ఇచ్చేది దాదాపు ఐదుగురిలో ఒకరు. అదే, అంతకుముందే ఒకసారి తిరిగొచ్చి ఇచ్చినవాళ్లలో అయితే ఐదుగురిలో ముగ్గురి దాకా మళ్లీ ఇస్తున్నారు. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఉన్న దూరమే అన్నిటికంటే పెద్దది.

దీనికి 2014 ఆగస్టును మించిన ఉదాహరణ లేదు. నెత్తిన ఐసు నీళ్లు కుమ్మరించుకుని వీడియో పెట్టే ఐస్ బకెట్ చాలెంజ్ ఆ నెలంతా ప్రపంచాన్ని ఊపేసింది. అమెరికాలోని ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు జూలై 29 నుంచి నెల రోజుల్లో 10 కోట్ల 9 లక్షల డాలర్లు వచ్చాయి. అంతకుముందు ఏడాది అవే రోజుల్లో వచ్చింది 28 లక్షల డాలర్లు. ప్రకటనలకని ఆ సంస్థ పెట్టిన ఖర్చేమీ లేదు. దాతకు అయిన ఖర్చు అన్న కొలతతో చూస్తే చరిత్రలో దానికి సాటి వచ్చే ప్రచారాలు అరుదు. మరుసటి ఏడాది ఆగస్టులో మళ్లీ చేసి చూశారు. 2014లో వచ్చినదానిలో చిన్న భాగం కూడా రాలేదు. జనం ఆ జబ్బు కోసం ఇవ్వలేదు, స్నేహితుడు సవాలు విసిరాడని ఇచ్చారు. సవాలు పాతబడింది. ఆ డబ్బు వృథా అయిందని కాదు. పరిశోధనలకు వెళ్లింది, కొన్ని ఫలితాలూ వచ్చాయి. కానీ ఆ లక్షల మందిని శాశ్వత దాతలుగా లెక్కేసుకుని ఏ సంస్థ అయినా ఉద్యోగాలిచ్చి, ఆస్పత్రులు తెరిచి ఉంటే రెండో ఏటికి మూసుకోవాల్సి వచ్చేది.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో జర్నలిస్టు మంజులత కళానిధి దానికి మన తరహా జవాబొకటి తయారుచేశారు. నీళ్లు పారబోయడమెందుకు, ఒక బకెట్ బియ్యం ఆకలితో ఉన్నవారికి ఇచ్చి ఫొటో పెట్టండి అన్నారు. రైస్ బకెట్ చాలెంజ్ పేరుతో అది రోజుల్లోనే దేశం దాటింది. ఇందులో ఇంకో విశేషం ఉంది. బియ్యం దాత చేతి నుంచి నేరుగా తీసుకునేవారి చేతికి వెళ్లాయి. మధ్యలో సంస్థ లేదు, కాబట్టి సంస్థ లెక్కా లేదు. ఎంతమంది రెండో బకెట్ ఇచ్చారన్నది లెక్కపెట్టగలిగినవాళ్లూ లేరు.

మళ్లీ మళ్లీ ఇవ్వడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. ‘వారాలు చేసుకుని చదువుకున్నాడు’ అన్న మాట ఆత్మకథల్లో ఎన్నిసార్లో చదివాం. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. దాతకు వారానికి ఒక పూట మాత్రమే భారం, కుర్రాడికి ఏడాది పొడవునా చదువు. ఆ ఏర్పాటు తెగకుండా సాగడానికి ఒక కారణం, తాను పెట్టిన అన్నం ఎవరు తింటున్నారో ఇల్లాలికి ప్రతివారం కళ్లెదుటే కనిపించడం. నేటి సంస్థలు ఫొటోలతో, ఉత్తరాలతో, వాట్సాప్ సందేశాలతో తంటాలు పడేది ఆ కళ్లెదుటి చూపు కోసమే.

అయితే ఆ తంటాల్లో ఏది పనిచేస్తుందో అనుభవజ్ఞులకు కూడా సరిగ్గా తెలియదనడానికి ఒక గట్టి రుజువు ఉంది. మొదటిసారి ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి ధన్యవాదాలు చెబితే మళ్లీ ఇస్తారన్నది ఈ రంగంలో అందరూ నమ్మే సూత్రం. అన్యా సమెక్, చక్ లాంగ్‌ఫీల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు దాన్ని పరీక్షకు పెట్టారు. అమెరికాలో విరాళాల మీద నడిచే పబ్లిక్ టీవీ స్టేషన్ల దాతలను ప్రధానంగా తీసుకుని, ఆరేళ్లపాటు, 5 లక్షల మందికి పైగా కొత్త దాతలను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఫోన్లు వెళ్లాయి, రెండో గుంపుకు వెళ్లలేదు. మరుసటి ఏడాది రెండు గుంపుల్లోనూ మళ్లీ ఇచ్చింది దాదాపు 28 శాతమే. ఫోన్ల వల్ల పెద్ద తేడా వస్తుందని ముందుగా అంచనా కట్టిన నిపుణులు తప్పారు. ఫోన్ చేసి కృతజ్ఞత చెప్పడం మర్యాద. మర్యాదగానే చెప్పాలి, దాన్ని ఆదాయంగా లెక్కలో రాసుకోకూడదు.

మన దేశంలో మాత్రం దాతలు జారిపోవడంలో సగం కథ మనసుది కాదు, బ్యాంకుది. ఈ మాట సంస్థల లెక్కలు చూసే గుమాస్తాలకు బాగా తెలుసు, వేదికల మీద మాట్లాడేవాళ్లకు తక్కువ తెలుసు.

నెలవారీ విరాళాలు ఎక్కువగా నాచ్ అనే బ్యాంకుల మధ్య వ్యవస్థ ద్వారా జమవుతాయి. సంస్థ నెలలో ఒక తేదీన అందరి వాయిదాలనూ ఒక్కసారే పంపిస్తుంది. ఏవి జమయ్యాయో, ఏవి ఎందుకు తిరిగొచ్చాయో రెండు రోజుల్లో జాబితా వస్తుంది. ఖాతాలో డబ్బు చాలలేదు, ఖాతా మూసేశారు, మాండేట్‌ను ఖాతాదారుడే రద్దు చేసుకున్నాడు — ఇలా ప్రతిదానికీ ఒక కారణం రాసి ఉంటుంది. ఇందులో చివరిది ఒక్కటే దాత మనసు మారిందని చెబుతుంది. మిగిలినవాటిలో చాలామందికి తమ విరాళం ఆగిపోయిందని తెలియనే తెలియదు. ఉద్యోగం మారితే జీతం ఖాతా మారుతుంది. పాత ఖాతాలో 60 రూపాయలు మిగిలి ఉంటాయి. సంస్థేమో ‘వదిలేసిన దాత’ అని రాసుకుంటుంది.

తేదీ ఎంపికలో కూడా గెలుపోటములు ఉన్నాయి. జీతాలు ఒకటో తారీఖుకు అటూ ఇటూ పడతాయి కాబట్టి ఐదో తేదీ, ఏడో తేదీ లోపు పంపిన వాయిదాలు ఎక్కువగా జమవుతాయి. నెలాఖరున పంపితే ఖాతాలు ఖాళీ. పైగా ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగొస్తే చాలా బ్యాంకులు ఖాతాదారుడి మీదే బౌన్స్ చార్జీ వేస్తాయి. జీఎస్టీతో కలిపి అది కొన్ని వందలు ఉంటుంది. 800 రూపాయల పుణ్యానికి వందల్లో జరిమానా పడిన దాత మళ్లీ ఆ సంస్థ పేరు ఎత్తుతాడా? ఒకే నెలలో రెండోసారి వాయిదా పంపి రెండో జరిమానా వేయించే అత్యుత్సాహం చూపిన సంస్థలు దాతను పూర్తిగా పోగొట్టుకుంటాయి.

కార్డుల మీద నడిచే విరాళాలకు 2021 అక్టోబర్ 1 ఒక పెద్ద దెబ్బ. కార్డు నుంచి దానంతటదే తెగే చెల్లింపులకు దాత ముందుగా అదనపు ధ్రువీకరణతో అనుమతి నమోదు చేయాలని, డబ్బు తీసే 24 గంటల ముందు సందేశం పంపాలని రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ఆరోజు నుంచి అమలైంది. ఖాతాదారుడి రక్షణకు అది మంచి నిబంధనే. కానీ పాత పద్ధతిలో నమోదైన ఎన్నో కార్డు చెల్లింపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఏడాది అక్టోబర్ నుంచి దాతల గ్రాఫు పడిపోతే, ప్రచారం బాగోలేదని వీడియో మార్చిన సంస్థ తప్పుడు చోట మందు రాసినట్టే. యూపీఐ ఆటోపే వచ్చాక నమోదు సులువైంది. రద్దు చేసుకోవడమూ అంతే సులువైంది, ఫోన్‌లో రెండు మూడు నొక్కులు చాలు.

మళ్లీ మన ఊహా సంస్థకు వద్దాం. 850 మంది దాతల్లో ఏడాదిలో 365 మంది పోయారు. వాళ్లలో 150 మంది బ్యాంకు కారణాల వల్లే తెగిపోయారనుకుందాం. జాబితా వచ్చిన వారంలోనే ఒక ఉద్యోగిని ఫోన్ చేసి, కొత్త ఖాతా వివరాలు తీసుకుని వాళ్లలో 60 మందిని తిరిగి నిలబెట్టగలిగిందనుకుంటే, ఒక్కొక్కరి నుంచి సగటున ఆరు వాయిదాలు వచ్చినా 2 లక్షల 88 వేలు. అదే 60 మంది కొత్త దాతలను మాల్‌లో సంపాదించాలంటే 3 లక్షలు పైనే ఖర్చు. చాలా సంస్థల్లో ఈ జాబితాను మూడు నెలలకోసారి తెరుస్తారు. అప్పటికి ఆ దాతకు సంస్థ పేరే గుర్తుండదు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల ద్వారా వచ్చే విరాళాల్లో లెక్క ఇంకో రకంగా తప్పుతుంది. 10 లక్షల ప్రకటనలకు 12 లక్షల 50 వేలు వచ్చాయని, 1,250 మంది దాతలు చేరారని స్క్రీన్ చూపిస్తుంది. మెటా ప్రకటనల వ్యవస్థ మామూలుగా, ప్రకటనను నొక్కిన 7 రోజుల్లో గానీ ఊరికే చూసిన ఒక రోజులో గానీ ఇచ్చిన విరాళాన్ని తన ఖాతాలో వేసుకుంటుంది. అదే మనిషి అదే రోజు గూగుల్‌లో సంస్థ పేరు వెతికి వచ్చాడంటే గూగుల్ కూడా ‘ఈ దాత నావల్లే’ అంటుంది. ఒక్క దాత ఇద్దరి నివేదికల్లో ఉంటాడు. పైగా ఆ 1,250 మందిలో ఏటా ఇచ్చే పాతవాళ్లు ఎంతమంది? మొత్తంలో 2 లక్షలు ఒక్కరే ఇచ్చి ఉంటే, ఆయన ట్రస్టీ బావమరిది అయితే, దాన్ని ప్రకటన తెచ్చిన విరాళం అనడానికి లేదు. పెద్ద విరాళాలను పక్కన పెట్టి, మధ్యస్థంగా ఒకరు ఎంత ఇచ్చారో చూస్తే అసలు రంగు బయటపడుతుంది. పాతవాళ్లను పట్టుకోవడానికి మన దగ్గర ఒక సౌలభ్యం ఉంది. విరాళాల వివరాలు సంస్థే ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి దాతకు ధ్రువపత్రం ఇవ్వాలన్న నిబంధన 2021-22 నుంచి ఉంది. పన్ను మినహాయింపు కోరే దాతల పాన్ నంబర్లు అలా సంస్థ దగ్గరే ఉంటాయి. మెయిల్ మారినా, ఫోన్ మారినా పాన్ మారదు. కొత్త జాబితాను పాత జాబితాతో పాన్ ద్వారా పోల్చి చూస్తే ‘కొత్త’ దాతల్లో కొత్తవాళ్లెవరో తేలిపోతుంది.

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: ప్రకటన వేయకపోయినా ఈ డబ్బు వచ్చేదా? జర్మనీలో సేవ్ ద చిల్డ్రన్ సంస్థతో కలిసి మాయా అడేనా, ఆన్సెల్మ్ హాగర్ అనే పరిశోధకులు దీన్ని తేల్చే ప్రయత్నం చేశారు. దేశాన్ని ప్రాంతాలుగా విడగొట్టి, కొన్ని ప్రాంతాల్లో మాత్రమే ఫేస్‌బుక్‌లో విరాళాల వీడియో చూపించారు. తర్వాత రెండు రకాల ప్రాంతాల నుంచీ నిజంగా జమైన విరాళాలను పోల్చారు. వీడియో చూపిన చోట విరాళాలు పెరిగాయి, ఆ తర్వాతి ఐదు వారాల్లోనూ ఆ పెరుగుదల కనిపించింది, సంస్థకు ప్రకటన ఖర్చు పోను లాభమే వచ్చింది. అయితే మరో రెండు సంగతులు కూడా తేలాయి. ఆ ప్రాంతాల్లో ఇలాంటి ఇతర సంస్థలకు వెళ్లే విరాళాలు కొంత తగ్గాయి. ఎంతమంది నొక్కారన్న లెక్కను బట్టి ఎంతమంది ఇచ్చారన్నది చెప్పలేమని కూడా స్పష్టమైంది. మన సంస్థలు అంత పెద్ద ప్రయోగం చేయలేకపోవచ్చు. నాలుగు జిల్లాల్లో ప్రకటన వేసి, వాటికి సరితూగే నాలుగు జిల్లాల్లో ఆపి చూడటం చిన్న సంస్థకు కూడా సాధ్యమే.

ఏడాది పూర్తిగా చూడాలనడానికి చివరి కారణం క్యాలెండర్. మార్చిలో 80జి రసీదు కోసం వచ్చే విరాళాలు, రంజాన్ మాసంలో జకాత్, దీపావళి, కార్తీక మాసపు అన్నదానాలు ఒక్కో సంస్థకు ఒక్కో పంట కాలం. మార్చిలో చేసిన ప్రచారాన్ని జూన్‌లో చేసిన ప్రచారంతో పోల్చడం అన్యాయం. కొత్త పన్ను విధానంలో 80జి మినహాయింపు లేదు, 2023-24 నుంచి ఆ విధానమే డిఫాల్టు అయింది. కాబట్టి మార్చి విరాళాలను పాత ఏళ్ల మార్చితో పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి.

ఆర్థిక సంవత్సరం లెక్కలు ఇంకో రకంగా తప్పుదోవ పట్టిస్తాయి. జనవరిలో దాతలను చేర్చుకుంటే మార్చి 31 నాటి ఖాతాల్లో ఖర్చంతా కనిపిస్తుంది, ఆదాయం మూడు నెలలదే కనిపిస్తుంది. విస్తరిస్తున్న సంస్థ దుబారా చేస్తున్నట్టు ఉంటుంది. దీనికి విరుద్ధంగా, కొత్త దాతలను చేర్చుకోవడం పూర్తిగా ఆపేసిన సంస్థ ఖర్చు ఒక్కసారిగా పడిపోతుంది, పాత దాతల డబ్బు మాత్రం వస్తూనే ఉంటుంది. ఆ ఏడాది దాని నివేదిక ‘రూపాయిలో 95 పైసలు సేవకే’ అని మెరిసిపోవచ్చు. రెండేళ్ల తర్వాత దాతల జాబితా కరిగిపోయాక అసలు సంగతి తెలుస్తుంది. విరాళాల ఖర్చు శాతాన్ని ఒక్కటే చూసి సంస్థలకు మార్కులు వేసే అలవాటు అందుకే తప్పు.

మాల్‌లో ట్యాబ్ పట్టుకున్న కుర్రాడిని ఈ లెక్కలన్నీ అడగడం భావ్యం కాదు, అతనికి తెలియవు. సంస్థ కార్యాలయానికి ఒక మెయిల్ రాయవచ్చు: ‘పోయిన ఏడాది ఈ నెలలో చేరిన నెలవారీ దాతల్లో ఇప్పుడు ఎంతమంది ఇస్తున్నారు? వాళ్లను చేర్చడానికి మొత్తం ఎంతయింది? వాళ్ల నుంచి ఇప్పటిదాకా ఎంత జమైంది?’ ఈ మూడు అంకెలూ వారంలో పంపగలిగిన సంస్థ తన లెక్క తాను చూసుకుంటోందన్నమాట. సంస్థ నచ్చితే వీధిలో సంతకం పెట్టకుండా, ఇంటికొచ్చి నేరుగా దాని వెబ్‌సైట్‌లో చేరండి, ఏజెన్సీకి వెళ్లే సొమ్ము మిగులుతుంది. చేరాక ఎప్పుడైనా ఆపేయాలనుకుంటే ఖాతా ఖాళీగా ఉంచి వాయిదా తిరిగొచ్చేలా చేయకండి. బౌన్స్ చార్జీ పడేది మీకే. యూపీఐ అయితే యాప్‌లోని ఆటోపే విభాగంలో, నాచ్ అయితే బ్యాంకులో మాండేట్ రద్దు చేసుకునే హక్కు ఖాతాదారుడిదే, దానికి సంస్థ అనుమతి అక్కర్లేదు.